ఖాళీ మెసేజ్ అవతల మనిషి ఉన్నాడని కొత్త ఏజెంట్లకు ఎలా చూపించాలి?

ప్రశ్న: గచ్చిబౌలిలో ఒక పేమెంట్ యాప్ కస్టమర్ చాట్ విభాగంలో మూడేళ్లు ఏజెంటుగా చేసి, ఈ నెలలోనే ట్రైనర్‌నయ్యాను. సోమవారం పద్నాలుగు మంది కొత్తవాళ్లు చేరుతున్నారు. అర్థం కాని మెసేజ్‌లు, ఖాళీ మెసేజ్‌లు పంపే కస్టమర్లతో ఓపికగా ఉండటం గురించి వాళ్లతో గంటసేపు మాట్లాడమన్నారు. పోయిన బ్యాచ్‌కి ఇదే విషయం చెప్పినప్పుడు అందరూ తలలూపారు, ఫ్లోర్ మీదికి వెళ్లగానే అలాంటి చాట్‌లను రెండు నిమిషాల్లో మూసేశారు. నేను ఏమి చెప్పాలి?

సమాధానం:

ఆ గంటను ఓపిక అనే మాటతో మొదలుపెట్టకండి. మాదాపూర్‌లోనూ గచ్చిబౌలిలోనూ పదకొండేళ్లుగా చాట్ బ్యాచ్‌లకు శిక్షణ ఇస్తున్నాను. ఓపికను ఒక సుగుణంగా చెబితే ప్రతి ఒక్కరూ అది తమకు ఉందనే అనుకుంటారు. నిజానికి కస్టమర్ మీద విసుగుతో చాట్ మూసిన ఏజెంట్లను నేను తక్కువగానే చూశాను. ఎక్కువ మంది అవతల ఎవరూ లేరని మనస్ఫూర్తిగా నమ్మి మూస్తారు. మీరు మార్చవలసింది ఆ నమ్మకాన్ని. ఖాళీ మెసేజ్ పంపిన మనిషి ఆ క్షణంలో ఏమి చేస్తూ ఉంటాడో ముందు వాళ్ల కళ్లకు కట్టాలి. తర్వాత ఏమి అడగాలో నేర్పాలి.

మొదటి పావుగంట మీరు మాట్లాడవద్దు. శిక్షణ కోసం ఉండే టెస్ట్ చాట్ తెరిచి, సగం మందిని కస్టమర్లుగా వాళ్ల ఫోన్లతో బయటికి పంపండి. ఒక చేతిలో బ్యాగు ఉండాలి, ఇంకో చేతి బొటనవేలితోనే టైప్ చేయాలి, నడుస్తూనే ఉండాలి. ఒక్క నిమిషంలో తమ ఫిర్యాదు తెలుగులో చెప్పి, ఒక స్క్రీన్‌షాట్ జతచేయాలి. ఆఫీసు వైఫై వద్దు, మొబైల్ డేటా మాత్రమే. లిఫ్టు పక్కనో, సెల్లారులోనో సిగ్నల్ పడిపోయే చోటు ప్రతి భవనంలోనూ ఉంటుంది. అక్కడికి పంపండి. మిగతా సగం మంది లోపల కూర్చుని తెర మీద వచ్చేదాన్ని చదవాలి.

పోయిన సంవత్సరం ఒక బ్యాచ్‌లో ఇంజనీరింగ్ చదివిన అమ్మాయి ఇలా బయటికి వెళ్లింది. లోపల తెర మీద "డబ్బు" అని ఒక మెసేజ్, "పో" అని ఒక మెసేజ్, ఆ తర్వాత రెండు ఖాళీ గడులు వచ్చాయి. నిమిషం గడిచాక ఒక ప్రశ్నార్థకం. తిరిగి లోపలికి వచ్చి తెర చూసి, "ఇవన్నీ నేను పంపినవేనా?" అని అడిగింది. తన ఫోనులో మాత్రం స్క్రీన్‌షాట్ చక్కగా కనిపిస్తోంది, పక్కన చిన్న గడియారం గుర్తుతో. అంటే అది ఇంకా వెళ్లలేదు. చాట్‌లో కస్టమర్ చూసే తెర వేరు, మనం చూసే తెర వేరు. ఈ ఒక్క సంగతి వాళ్లు తమ ఫోనులో తాము చూసుకుంటే, మీరు అరగంట చెప్పనవసరం లేదు.

సోమవారానికి ముందే మీరు ఇంకో పని చేయాలి. మీ చాట్‌లోకి మీ సొంత ఫోను నుంచి ఒక ఫొటో, ఒక వాయిస్ రికార్డింగు, ఒక స్టిక్కరు, ఒక లొకేషను, ఒక్క ఖాళీ స్పేసు, పంపి వెంటనే తుడిచేసిన ఒక మెసేజ్ పంపి చూడండి. మెసేజ్‌లు వెబ్‌సైటు నుంచీ యాప్ నుంచీ వాట్సాప్ నుంచీ వస్తుంటే మూడింట్లోనూ చేయండి. ఏది మీ ఏజెంటు తెర మీద సరిగ్గా కనిపిస్తుందో, ఏది ఖాళీ గడిగా పడుతుందో కాగితం మీద రాసుకోండి. ఈ జాబితా ఒక్కో ఆఫీసులో ఒక్కో రకంగా ఉంటుంది, కాబట్టి నా జాబితా మీకు పనికిరాదు. నేను పనిచేసిన ఒక చోట వాయిస్ రికార్డింగులన్నీ ఖాళీగానే వచ్చేవి. చదవడం రాయడం రాని కస్టమర్లు ఎక్కువగా వాయిసే పంపుతారు. అంటే మన సహాయం అందరికంటే ఎక్కువ అవసరమైనవాళ్ల మెసేజ్‌లే మాకు ఖాళీగా కనిపించేవి. ఆ సంగతి తెలిసిన రోజు నాకు నిజంగా బాధేసింది.

మీ దగ్గర ఏది ఖాళీగా వస్తుందో తెలిశాక, మెసేజ్‌ల పక్కన ఉండే సమయాన్ని చదవడం నేర్పండి. ఒకే క్షణంలో రెండు మూడు ఖాళీలు పడితే సాధారణంగా గ్యాలరీ నుంచి రెండు మూడు ఫొటోలు ఒకేసారి ఎంచి పంపారని అర్థం. అరనిమిషం, నిమిషం తేడాతో ఒక్కొక్కటి పడుతుంటే ఒకే ఫొటోను మళ్లీ మళ్లీ పంపుతున్నారు. మీరు "స్క్రీన్‌షాట్ పంపండి" అన్న వెంటనే ఖాళీ వస్తే ఇక సందేహమే లేదు. ఒంటరి చుక్క గానీ ప్రశ్నార్థకం గానీ వస్తే, లోపల మనిషి ఉన్నాడా లేదా అని తలుపు తట్టి చూస్తున్నారు. ఇవన్నీ ఊహలే, అప్పుడప్పుడు తప్పుతాయి. కానీ ఏదో ఒక ఊహ ఉన్న ఏజెంటు ప్రశ్న అడుగుతాడు, ఏ ఊహా లేనివాడు చాట్ మూస్తాడు.

ఇప్పుడు ఆ ప్రశ్న సంగతి. మన దగ్గర సిద్ధంగా ఉండే జవాబుల్లో "దయచేసి మీ సమస్యను వివరంగా తెలియజేయండి" అనేది ఒకటి ఉంటుంది. అర్థం కాని మెసేజ్ రాగానే అందరి వేలూ దాని మీదికే వెళుతుంది. ఆ మనిషి చేయలేకపోతున్న పని ఏమిటో సరిగ్గా అదే మనం మళ్లీ చేయమంటున్నాం. వివరించగలిగితే మొదటే వివరించేవారు. కాబట్టి ఒక్క అంకెతో జవాబు చెప్పగలిగేలా అడగాలి: "మీరు పంపినది మా వైపు కనిపించడం లేదు. ఫొటో పంపి ఉంటే 1 అని, వాయిస్ పంపి ఉంటే 2 అని రాయండి." ఇందులో "మా వైపు" అనే మాట తప్పనిసరిగా ఉండాలి. "మీరు ఖాళీ మెసేజ్ పంపారు" అంటే, తన ఫోనులో ఫొటో కనిపిస్తున్న మనిషికి మనం అబద్ధమాడినట్టు ఉంటుంది.

ముక్కలు ముక్కలుగా వచ్చే మెసేజ్‌లకు ఇంకో అలవాటు కావాలి. మొదటి ముక్క రాగానే "నమస్తే అండి, చదువుతున్నాను, చెప్పండి" అని ఒక్క వాక్యం పంపి ఆగాలి. మొదటి జవాబు ఎంతసేపట్లో ఇచ్చారన్న లెక్క దాంతో తీరిపోతుంది. ఆ తర్వాత ఇరవై సెకన్లపాటు చేతులు కీబోర్డు మీద నుంచి తీసేయమంటాను. అవతలివాళ్లు టైప్ చేస్తున్నట్టు చుక్కలు కదులుతుంటే ఇంకొంచెం ఆగాలి. ఇరవై సెకన్లు ఎంత పెద్దవో కొత్తవాళ్లకు తెలియదు. గోడ గడియారం చూపించి, గదిలో అందరినీ ఒకసారి మౌనంగా కూర్చోబెట్టండి.

ఇక వాళ్లకు తప్పకుండా చెప్పవలసిన కేసు ఒకటి ఉంది. నేను ఇంతకుముందు పనిచేసిన చోట జరిగింది. ప్రతి బ్యాచ్‌కీ తెర మీద పేర్లు తీసేసి చూపించేదాన్ని.

సాయంత్రం ఏడు దాటాక ఒక కస్టమర్ చాట్‌లోకి వచ్చాడు. మొదట ఒక చుక్క. తర్వాత ఒక ఖాళీ, నలభై సెకన్లకు ఇంకో ఖాళీ. ఆ తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్క తెలుగు మాట: కె, ఎ, టి, టి, ఎ, ఎన్, యు. ఏజెంటు దాన్ని "కట్టను" అని చదివాడు. ఖాతా తెరిచి చూస్తే కరెంటు బిల్లు బాకీ ఉన్నట్టు కనిపిస్తోంది. దాంతో గడువు దాటితే అదనపు రుసుము పడుతుందన్న సిద్ధ జవాబు పంపాడు. అవతలి నుంచి రెండు ప్రశ్నార్థకాలు, ఒక ఖాళీ వచ్చాయి. "మీరు లైన్‌లో ఉన్నారా?" అని రెండుసార్లు అడిగి, జవాబు లేదని చాట్ మూసేశాడు. ఆరు నిమిషాలు. అదే మనిషి పది నిమిషాలకు మళ్లీ వచ్చాడు, ఇంకో ఏజెంటు ఏడు నిమిషాల్లో మూశాడు. మూడోసారి ఐదు నిమిషాలు.

నాలుగోసారి అతని చాట్ చేరి నెల రోజులే అయిన ఒక అమ్మాయికి వచ్చింది. ఆమె అదే మాటను చూసి ఆగింది. కట్టాను, కట్టను: ఈ రెండు మాటలూ ఇంగ్లీషు అక్షరాల్లో ఒకేలా పడతాయి, ఎందుకంటే దీర్ఘం కనిపించదు. ఒకటి డబ్బు ఇచ్చిన మనిషి మాట, ఇంకొకటి ఇవ్వనన్న మనిషి మాట. ఆమె అర్థం ఊహించకుండా అడిగింది: "మీ బ్యాంకు ఖాతాలో డబ్బు తగ్గిందా? తగ్గితే 1, తగ్గకపోతే 2 రాయండి." నాలుగు సెకన్లలో 1 వచ్చింది.

అప్పటికి ఆ ఖాళీలు ఏమిటో కూడా అర్థమైంది. డబ్బు తగ్గినట్టు బ్యాంకు పంపిన మెసేజ్‌ను ఆయన ఫొటోగా పంపుతున్నాడు, అది మాకు చేరడం లేదు. "ఫొటో మా వైపు రావడం లేదు. బ్యాంకు మెసేజ్‌లో యూపీఐ రిఫరెన్స్ అని ఉన్నచోట పక్కన 12 అంకెలు ఉంటాయి, అవి మాత్రం రాయండి" అని ఆమె అడిగింది. పదకొండు అంకెలు వచ్చాయి. "తప్పు నంబరు" అనలేదు. "ఒక అంకె మా దగ్గర తగ్గింది. చివరి నాలుగు అంకెలు ఒక్కసారి రాస్తారా?" అంది. చివరి నాలుగు తీసుకుని ముందు వచ్చినవాటితో పోల్చుకుంటే జారిపోయిన అంకె తేలింది. లావాదేవీ దొరికింది. డబ్బు ఆయన ఖాతా నుంచి వెళ్లింది, బిల్లు తీసుకునేవాళ్ల వైపు నిర్ధారణ రాలేదు.

ఇలాంటి దానికి ఏమి చెప్పాలో రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఉత్తర్వులోనే ఉంది. యూపీఐతో వ్యాపారికి కట్టిన డబ్బు ఖాతాలో తగ్గి, వ్యాపారి వైపు నిర్ధారణ రాకపోతే, లావాదేవీ జరిగిన రోజు నుంచి ఐదు రోజుల్లోగా అది దానంతటదే తిరిగి జమ కావాలి. ఆలస్యమైతే ఆ పైన రోజుకు 100 రూపాయల చొప్పున కస్టమర్‌కు ఇవ్వాలి. ఆమె అది చెప్పి, తను అర్థం చేసుకున్నదంతా ఒక్క వాక్యంలో తిరిగి రాసింది: "మీరు ఈరోజు కరెంటు బిల్లు కట్టారు, డబ్బు తగ్గింది, బిల్లు మాత్రం బాకీగానే చూపిస్తోంది. ఇదేనా? అవునంటే 1." మళ్లీ 1 వచ్చింది. ఆ తర్వాత రెండు చేతులు జోడించిన బొమ్మ. మొత్తం తొమ్మిది నిమిషాలు.

ఈ లెక్కను బోర్డు మీద రాయండి. ఎవరో ఒకరు తప్పకుండా హ్యాండిల్ టైమ్ గురించి అడుగుతారు, అది న్యాయమైన ప్రశ్నే. మొదటి ముగ్గురివీ ఆరు, ఏడు, ఐదు నిమిషాలు. చూడటానికి ముగ్గురూ చురుకైనవాళ్లే. నాలుగో అమ్మాయిది తొమ్మిది. కానీ ఆ ముగ్గురి పద్దెనిమిది నిమిషాలూ వృథాగా పోయాయి, పని జరిగింది తొమ్మిదిలోనే. మొదటి ఏజెంటే ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే మిగతా మూడు చాట్‌లు క్యూలోకి వచ్చేవే కావు.

మన హైదరాబాదులో దీర్ఘమే కాదు, తేదీలు కూడా తడబాటు తెస్తాయి. ఒకే మెసేజ్‌లో తెలుగు, హిందీ, దక్కనీ కలిసి వస్తాయి. కల్ అంటే నిన్న కూడా, రేపు కూడా. పర్సోం అంటే మొన్న కావచ్చు, ఎల్లుండి కావచ్చు. పాతబస్తీలో మాట్లాడే తీరులో అది ఎప్పుడో ఆ మధ్య అని కూడా కావచ్చు. డబ్బు ఎప్పుడు తిరిగి వస్తుందో రోజులు లెక్కపెట్టి చెప్పవలసిన చోట ఇది చిన్న విషయం కాదు. అలాంటి మాట కనిపిస్తే తేదీని అంకెల్లో అడగాలి. కస్టమర్ ఏ లిపిలో రాస్తే ఏజెంటు అదే లిపిలో రాయాలి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసే మనిషికి తెలుగు లిపి చదవడం రాకపోవచ్చు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. దీన్ని మీరు తొందరగా దాటేయవద్దు. నంబరు రాయమని అడిగినప్పుడు కంగారులో ఉన్న కస్టమర్ కంటికి కనిపించిన నంబరల్లా రాస్తాడు. 12 అంకెలు అని మాత్రమే అంటే ఆధార్ నంబరు రావచ్చు, అదీ 12 అంకెలే. ఇంకా బాధాకరమైన సంగతి, ఓటీపీ, యూపీఐ పిన్ రాసేవాళ్లూ ఉంటారు, పాపం, అడిగినదంతా చెబితేనే పని జరుగుతుందని వాళ్ల నమ్మకం. అందుకే ఏ నంబరైనా అడిగే ముందు "పిన్, ఓటీపీ, కార్డు నంబరు రాయవద్దు" అనే వాక్యం వెళ్లాలి. నంబరు ఎక్కడ ఉంటుందో చెప్పి అడగాలి, ఎన్ని అంకెలో మాత్రమే చెప్పి కాదు. అయినా పిన్ వచ్చేస్తే వేరే మాటలన్నీ ఆపి, ముందు దాన్ని మార్చుకోమని చెప్పాలి. ఆ చాట్‌లోని ఆ అంకెలు దాచేందుకు మీ ఆఫీసులో ఉన్న పద్ధతి ఏమిటో సోమవారానికి ముందే కనుక్కోండి.

మీ పోయిన బ్యాచ్ రెండు నిమిషాల్లో మూసేయడానికి ఇంకో కారణం కూడా ఉండి ఉంటుంది. ఏజెంటు ముందు ఒకే సమయంలో రెండు మూడు చాట్‌లు తెరిచి ఉంటాయి. ఒక కిటికీలో కోపంగా పేరాలు రాసే కస్టమర్, పక్క కిటికీలో ఖాళీ గడి. కన్ను ఎటు పోతుంది? గట్టిగా అడిగినవాడికి సమయం దొరుకుతుంది, అడగడం రానివాడి చాట్ మూతపడుతుంది. ఇది శిక్షణతో మాత్రమే తీరదు. మొదటి వారం కొత్తవాళ్లకు ఒక సమయంలో ఒకే చాట్ ఇవ్వమని టీమ్ లీడర్‌ను అడగండి. కుదరదంటే కనీసం మొదటి మూడు రోజులు. నేను అడిగిన ప్రతిచోటా ఒప్పుకోలేదు, కానీ ఒప్పుకున్నచోట తేడా నా కళ్లతో చూశాను.

ఎంతసేపు ఆగాలని కూడా అడుగుతారు. అంతులేకుండా ఆగమని చెప్పకండి, నమ్మరు. జేబులో ఫోను దానంతటదే నొక్కుకుని చాట్ తెరుచుకున్నవి ఉంటాయి, పిల్లల చేతిలో పడ్డవి ఉంటాయి. నా కొలత రెండు ప్రశ్నలు. మొదట ఫొటోనా వాయిసా అన్న ప్రశ్న. దానికి జవాబు రాకపోతే రెండు నిమిషాలాగి, ఖాతాలో చివరి లావాదేవీ చూసి, దాని గురించే అంకెతో జవాబు చెప్పగల ఇంకో ప్రశ్న. ఆ తర్వాత మీ ఆఫీసు నియమం అనుమతించినంతసేపు చూసి మూసేయవచ్చు. మూసేటప్పుడు "మళ్లీ రాసినప్పుడు 1 అని రాస్తే చాలు, ఇక్కడి నుంచే మొదలుపెడతాం" అని పంపాలి.

ఆ మాట నిలబడాలంటే తర్వాతి ఏజెంటుకు నోట్ ఉండాలి. పై కేసులో నలుగురూ మొదటి నుంచి మొదలుపెట్టారు, ఎందుకంటే ముందు ముగ్గురూ నోట్‌లో "కస్టమర్ స్పందించలేదు" అని మాత్రమే రాశారు. ఆయన ప్రతిసారీ స్పందించాడు. తెర మీద వచ్చింది ఉన్నది ఉన్నట్టు రాయమనండి: "చుక్క, రెండు ఖాళీలు, బహుశా ఫొటోలు, కట్టాను లేదా కట్టను అన్న మాట, అర్థం అడగలేదు, చివరి లావాదేవీ కరెంటు బిల్లు, పెండింగ్." ఇది రాయడానికి అరనిమిషం చాలు. మీ గంటలో చివరి పది నిమిషాలు దీనికే ఉంచండి. పేర్లు, నంబర్లు తీసేసిన నిజమైన చాట్‌లు ఐదు ఇచ్చి, ఒక్కొక్కరి చేత నోట్ రాయించి, పక్కవాళ్ల చేత చదివించండి. పక్కవాళ్లు ఆ నోట్ మాత్రమే చూసి కస్టమర్‌ను ఏమి అడగాలో చెప్పగలిగితే అది సరైన నోట్.

రెండు వారాల తర్వాత, "స్పందన లేదు" అన్న కారణంతో మీ బ్యాచ్ మూసిన చాట్‌లలో ఇరవై తీసి చూడండి. అదే కస్టమర్ 24 గంటల్లో మళ్లీ వచ్చాడా అన్నది ఒక్కటే చూడాలి. మళ్లీ వచ్చినవాటిని మూసిన ఏజెంటుతో కలిసి కూర్చుని చదవండి, తిట్టడానికి కాదు, ఏ మెసేజ్ దగ్గర ఆ మనిషి కనిపించకుండా పోయాడో వేలు పెట్టి చూపించడానికి. ఆ ఇరవైలో ఫొటోలే ఖాళీలుగా వస్తున్నవి ఎక్కువగా కనిపిస్తే, అవి పట్టుకుని సాఫ్ట్‌వేర్ చూసేవాళ్ల దగ్గరికి మీరే వెళ్లండి. వాయిస్ రికార్డింగులు ఖాళీగా వస్తున్నాయని మేము అలాగే తేదీలు, సమయాలతో చూపించాం. చేరని మెసేజ్ స్థానంలో "వాయిస్ వచ్చింది, తెరవలేకపోయాం" అని కనిపించేలా మార్చడానికి వాళ్లకు నాలుగు నెలలు పట్టింది. మార్చారు.